ఏ పనిని వెనక్కి జరపమంటారు?

కార్యాలయంలో పనులు ఒకదాని తరువాత ఒకటిగా, వరుస తప్పకుండా రావు. ఒక పని సగంలో ఉండగానే మరొకటి వచ్చి పడుతుంది. అప్పటికే నిండిన వారంలోకి కొత్త పని వచ్చినప్పుడు ఉద్యోగి ముందు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, మారుమాట్లాడకుండా ఒప్పుకోవడం. రెండవది, తనవల్ల కాదని చెప్పేయడం. మొదటి దానిలో పని చెడుతుంది, రెండవ దానిలో మాట చెడుతుంది. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ దారి ఒకటి ఉంది. చేతిలో ఉన్న పనుల లెక్కను పై అధికారి ముందుంచి, కొత్త పనికి చోటు కావాలంటే వాటిలో దేనిని వెనక్కి జరపాలో ఆయననే అడగడం ఆ మూడవ దారి. వినడానికి ఇది తేలికగానే ఉంటుంది. ఆచరణలో దీనికి కొంత లెక్క, కొంత మాటనేర్పు, సరైన సమయం అవసరమవుతాయి. వాటిని ఒక ఉదాహరణ ద్వారా తెలుసుకోవచ్చు.

ఒక సోమవారం ఉదయం

విజయవాడలో ఇనుప సామాన్లు అమ్మే ఒక టోకు వర్తక సంస్థను, అందులో అకౌంటెంటుగా పనిచేసే సుజాత అనే యువతిని ఊహించుకోవచ్చు. ఆ సంస్థ ఆదివారం తప్ప వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు పనిచేస్తుంది. అది నెలలో 6వ తేదీ, సోమవారం. ఉదయం పది గంటలకు మేనేజరు ఆమెను పిలిచి, బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు పరిమితి పెంచమని దరఖాస్తు పెడుతున్నామనీ, గడచిన మూడు సంవత్సరాల అమ్మకాలు, సరుకు నిల్వలు, రావలసిన బాకీల పట్టికలు శుక్రవారం సాయంత్రానికి సిద్ధం చేయాలనీ చెప్పాడు.

సుజాత బల్లమీద అప్పటికే ఆ వారంలో ముగించవలసిన పనులు ఆరు ఉన్నాయి. చెల్లింపులలో మినహాయించిన ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్, లెక్కకట్టి 7వ తేదీలోపు ప్రభుత్వానికి జమ చేయాలి. సిబ్బంది జీతాలు 7వ తేదీలోపు చెల్లించాలి. గత నెల అమ్మకాల బిల్లులన్నీ సరిచూసి, జీఎస్టీఆర్-1 అనే పత్రాన్ని 11వ తేదీలోపు దాఖలు చేయాలి. బ్యాంకు ఖాతాను సంస్థ పుస్తకాలతో సరిపోల్చాలి. బాకీదారులకు జ్ఞాపిక లేఖలు పంపాలి. కార్యాలయంలోని బల్లలు, కంప్యూటర్ల వంటి స్థిరాస్తుల రిజిస్టరును పూర్తి చేయాలి.

మేనేజరు చెడ్డవాడు కాడు. అయితే ఈ ఆరు పనులూ ఆ క్షణంలో ఆయన కళ్లముందు లేవు. ఆయన ఆలోచన అంతా బ్యాంకు మీదనే ఉంది. ఇటువంటి సందర్భాలలో చాలా చిక్కులు ఇక్కడినుంచే మొదలవుతాయి. పని అప్పగించేవారికి ఆ పని ఒక్కటే కనిపిస్తుంది. పని చేసేవారికి మిగిలినవన్నీ కనిపిస్తాయి. ఉద్యోగి నోరు విప్పి చెబితే తప్ప ఈ రెండు చూపులూ కలవవు.

“చూస్తానండి” అనే మాట

తెలుగువారి సంభాషణలో మొహమాటానికి పెద్ద చోటుంది. ఎదుటివారి ముఖం మీద కాదనడం అమర్యాదగా తోస్తుంది. అందువల్ల పెద్దలు ఏదైనా పని చెప్పినప్పుడు “చూస్తానండి”, “ప్రయత్నిస్తానండి” అనడం అలవాటు. ఇంటిలో, బంధువుల మధ్య ఈ మాటకు అర్థం ఇరుపక్షాలకూ తెలుసు. పెళ్లికి వస్తావా అని అడిగితే “చూస్తాను” అన్నవాడు రాకపోవచ్చునని పిలిచినవారు ముందే ఊహిస్తారు.

కార్యాలయంలో ఈ మాట అలా పనిచేయదు. “చూస్తాను సార్” అన్నప్పుడు ఉద్యోగి మనసులో “ఇది కుదిరేలా లేదు” అనే భావం ఉంటుంది. మేనేజరు చెవికి మాత్రం అది “సరే” అన్నట్లుగానే వినిపిస్తుంది. ఆయన ఆ నమ్మకంతో బ్యాంకు అధికారికి శుక్రవారం అని మాట ఇస్తాడు. గురువారం సాయంత్రం ఉద్యోగి వచ్చి “పూర్తి కాలేదు సార్” అన్నప్పుడు సర్దుకోవడానికి ఎవరికీ వ్యవధి ఉండదు. అది చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమే అవుతుంది. ఇదే సంగతి సోమవారం తెలిసి ఉంటే మేనేజరు ఒక పనిని ఆపించేవాడు, లేదా బ్యాంకును మరికొంత గడువు అడిగేవాడు. నాలుగు రోజుల ఆలస్యం వల్ల ఆ అవకాశాలన్నీ చేజారిపోయాయి.

దీనికి పూర్తిగా భిన్నమైన జవాబు “నాకు ఖాళీ లేదు సార్” అనేది. ఇది నిజమే కావచ్చు. అయితే ఈ మాటలో మేనేజరుకు ఉపయోగపడే సమాచారం ఏమీ లేదు. ఎంత పని ఉంది, ఎంత సమయం చాలదు, ఏది ఆపితే చోటు దొరుకుతుంది అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబు దొరకదు. ఖాళీ లేదనే మాట ప్రతి ఉద్యోగీ అంటాడు కాబట్టి మేనేజరు దానిని సహజంగానే తోసిపుచ్చుతాడు. “ఎలాగో ఒకలా సర్దుకో అమ్మా” అంటాడు. అక్కడితో సంభాషణ ముగిసిపోతుంది.

గంటల లెక్క

సుజాత ఈ రెండు జవాబులలో ఏదీ ఇవ్వలేదు. “బ్యాంకు పని ముఖ్యమైనదే సార్. ఈ వారం చేతిలో ఉన్న పనులు ఒకసారి లెక్క చూసుకొని పదకొండు గంటలకు వచ్చి చెబుతాను” అని గంట వ్యవధి అడిగింది. “చూస్తాను” అనే మాటకూ దీనికీ ఒక తేడా ఉంది. ఇందులో జవాబు ఎప్పుడు వస్తుందో స్పష్టంగా ఉంది.

ఆమె మొదట చేసిన పని, వారంలో తనకు నిజంగా ఎన్ని గంటలు ఉన్నాయో తేల్చుకోవడం. రోజుకు ఎనిమిది గంటలు అన్నది కార్యాలయం తెరిచి ఉండే సమయం. అందులో గంటసేపు నగదు కౌంటరు దగ్గర కూర్చోవాలి. ఫోనులకు, వచ్చి పోయేవారికి, చిన్నచిన్న నమోదులకు మరో గంట పోతుంది. మిగిలేవి ఆరు గంటలు. సోమవారం నుంచి శనివారం వరకు ఆరు రోజులకు 36 గంటలు. ఎనిమిది గంటల చొప్పున 48 అని వేసుకొనేవారు మొదటి మెట్టులోనే తప్పటడుగు వేస్తారు. ఏ రోజూ చేతికి రాని గంటలను పనులకు పంచిపెడతారు.

తరువాత ఒక్కొక్క పనికి పట్టే సమయం రాసుకొంది. టీడీఎస్‌కు 4 గంటలు, జీతాలకు 4, జీఎస్టీఆర్-1కు 12, బ్యాంకు ఖాతా సరిపోల్చడానికి 4, జ్ఞాపిక లేఖలకు 6, స్థిరాస్తుల రిజిస్టరుకు 4. మొత్తం 34 గంటలు. అంటే వారమంతటిలో మిగిలేది రెండు గంటలే.

ఇక కొత్త పనికి ఎంత పడుతుంది? ఆమెకు మొదట తోచిన అంచనా ఆరు గంటలు. అయితే సుజాత ఆ ఊహను నమ్మలేదు. నిరుడు ఇటువంటి పట్టికలే ఒక సంవత్సరానికి తయారుచేసినప్పుడు ఎంతసేపు పట్టిందో తన డైరీలో వెతికింది. రెండు గంటలనుకొన్న పనికి అప్పుడు నాలుగు గంటలు పట్టింది. ఆ లెక్కన మూడు సంవత్సరాలకు 12 గంటలు.

మనుషులు తమ పనికి పట్టే సమయాన్ని తక్కువగా ఊహించుకోవడం సామాన్యమైన విషయమే. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970లలోనే ఈ పొరపాటును గుర్తించి దానికి ఒక పేరు కూడా పెట్టారు. కానెమన్‌కు 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. వారు చూపిన విరుగుడు ఇదే: చేయబోయే పనిని ఊహించుకోవడం మాని, అటువంటి పనికి ఇదివరలో నిజంగా ఎంతకాలం పట్టిందో చూడాలి. సుజాత డైరీ తిరగేయడంలో ఉన్న విజ్ఞత అదే.

ఇప్పుడు లెక్క తేలిపోయింది. 34 గంటల పాత పని, 12 గంటల కొత్త పని కలిసి 46. ఉన్నవి 36. చాలనివి 10 గంటలు. “చాలా పని ఉంది” అనే మాట ఇప్పుడు “పది గంటలు చాలవు” అనే మాటగా మారింది. మొదటిది ఫిర్యాదులా వినిపిస్తుంది. రెండవదానికి పరిష్కారం వెతకవచ్చు.

కదిలే పనులు, కదలని పనులు

పది గంటలు చాలవని తేలిన తరువాత, ఏ పనులు కదులుతాయో ఏవి కదలవో వేరుచేయాలి. అన్ని పనులూ అవసరమైనవే. అయినా ఆలస్యమైతే కలిగే నష్టం అన్నింటికీ ఒకే విధంగా ఉండదు.

టీడీఎస్ ఆలస్యమైతే మినహాయించిన తేదీనుంచి నెలకు 1.5 శాతం చొప్పున వడ్డీ కట్టాలి. నెలలో కొంతభాగమైనా పూర్తి నెలగానే లెక్కిస్తారు. జీతాలు ఆలస్యమైతే చట్టం మాట అటుంచి, ఇంటద్దె కట్టవలసిన సిబ్బంది ఇబ్బందిపడతారు. ఈ రెండూ కదలవు.

జీఎస్టీఆర్-1 సంగతి మరికొంత వివరంగా తెలుసుకోదగినది. దేశంలో వస్తుసేవల పన్ను 2017 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. అమ్మినవారు 11వ తేదీలోపు తమ బిల్లులను ఈ పత్రంలో చూపితే, కొన్నవారి ఖాతాలో 14వ తేదీన సిద్ధమయ్యే పట్టికలో ఆ బిల్లులు కనిపిస్తాయి. దాని ఆధారంగానే వారు తాము చెల్లించిన పన్నును మినహాయించుకొంటారు. అమ్మినవారు గడువు దాటితే ఆ బిల్లులు మరుసటి నెల పట్టికకు పోతాయి. కొన్నవారు ఆ నెలకు ఆ పన్నును తమ జేబునుంచి భరించవలసి వస్తుంది. అంటే ఇక్కడ ఆలస్యం వల్ల నష్టపోయేది సంస్థ ఒక్కటే కాదు, దానిదగ్గర సరుకు కొనే ఖాతాదారులు కూడా. కాబట్టి ఇదీ కదలదు.

బ్యాంకు ఖాతా సరిపోల్చే పని చూడడానికి కదిలేదిగానే ఉంటుంది. దానికి ప్రభుత్వ గడువు ఏదీ లేదు. అయితే బాకీదారులు ఇచ్చిన చెక్కులలో ఏవి జమ అయ్యాయో, ఏవి తిరిగి వచ్చాయో ఈ పనివల్లనే తెలుస్తుంది. అది చేయకుండా బాకీల పట్టిక రాస్తే, తీరిన బాకీ తీరనట్లుగానూ, తీరనిది తీరినట్లుగానూ పడే ప్రమాదం ఉంది. బ్యాంకుకు ఇవ్వవలసిన పత్రానికి ఇది పునాది. అందువల్ల గడువు లేకపోయినా ఇది కదలదు. ఒక పనిని వెనక్కి జరిపేముందు దానిమీద మరేదైనా పని ఆధారపడి ఉందా అని చూడవలసింది ఇందుకే.

మిగిలినవి రెండు. జ్ఞాపిక లేఖలు వారం ఆలస్యమైతే వసూళ్లు కొంత వెనుకబడతాయి. స్థిరాస్తుల రిజిస్టరు ఆలస్యమైతే సంవత్సరాంతపు తనిఖీ లోపు ఎప్పుడు పూర్తిచేసినా ఇబ్బంది లేదు. ఈ రెండూ కలిసి 10 గంటలు. సరిగ్గా చాలని గంటలు కూడా అన్నే.

ఇంతవరకు వచ్చిన ఉద్యోగికి ఒక ప్రలోభం కలుగుతుంది. ఈ రెండు పనులనూ తానే వెనక్కి నెట్టి, ఎవరికీ చెప్పకుండా బ్యాంకు పనిలో దిగవచ్చు కదా అనిపిస్తుంది. అది సరికాదు. జ్ఞాపిక లేఖలు వెళ్లాయనుకొని మేనేజరు వారాంతంలో రాబోయే వసూళ్లను లెక్కవేసుకొని ఉండవచ్చు. బ్యాంకు ఎంత తొందరలో ఉందో, ఏ బాకీదారుడు జారిపోయేలా ఉన్నాడో ఆయనకు తెలుసు, సుజాతకు తెలియదు. ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో సుజాతకు తెలుసు, ఆయనకు తెలియదు. ఈ రెండు జ్ఞానాలూ ఒకచోట చేరిన తరువాత తీసుకొన్న నిర్ణయమే నిలుస్తుంది. ఆ నిర్ణయం తీసుకొనే అధికారం, దాని బాధ్యత మేనేజరువి.

పదకొండు గంటల సంభాషణ

సుజాత ఒక తెల్లకాగితంమీద ఏడు పనులు, వాటి గంటలు, గడువులు రాసుకొని వెళ్లింది. ఆ సంభాషణ ఇలా సాగింది.

“సార్, బ్యాంకు పట్టికలకు పన్నెండు గంటలు పడతాయి. నిరుడు ఒక్క సంవత్సరానికే నాలుగు గంటలు పట్టింది. ఈ వారం నా చేతిలో ఉన్నవి ముప్ఫై ఆరు గంటలు. పాత పనులకే ముప్ఫై నాలుగు పోతున్నాయి. మొత్తంమీద పది గంటలు చాలవు.”

“ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఇంటికి వెళితే సరిపోదా అమ్మా?”

“ఒకరోజు రెండు గంటలు కూర్చోగలను సార్. అలా చూసినా ఎనిమిది గంటలు చాలవు. పైగా అలసిపోయి రాసిన అంకెలు బ్యాంకుకు వెళ్లడం మంచిది కాదు. టీడీఎస్, జీతాలు, జీఎస్టీ జరపడానికి వీలులేదు. బ్యాంకు ఖాతా సరిచూడకపోతే బాకీల పట్టికే తప్పవుతుంది. జరపగలిగినవి రెండు: జ్ఞాపిక లేఖలు, స్థిరాస్తుల రిజిస్టరు. ఆ రెండూ వచ్చే వారానికి జరిపితే మూడేళ్ల పట్టికలూ శుక్రవారానికి ఇవ్వగలను. అలాకాక నిరుటి పట్టిక ఒక్కటే శుక్రవారం ఇచ్చి, మిగిలిన రెండేళ్లవీ వచ్చే బుధవారం ఇస్తే బ్యాంకువారు ఒప్పుకొంటారా? అలాగైతే రిజిస్టరు ఒక్కటి జరిపితే చాలు. లేఖలు ఈ వారమే వెళతాయి. ఏది జరపమంటారు సార్?”

మేనేజరు కాగితం చూసి కొంతసేపు ఆలోచించాడు. “బ్యాంకువారు శనివారం ఫైలు పై కార్యాలయానికి పంపుతారు. మూడేళ్లవీ ఒకేసారి కావాలి. లేఖలు ఆపు. పెద్ద బాకీదారులు నలుగురే కదా, వారికి నేనే ఫోను చేస్తాను.”

“సరే సార్. ఒక్క సంగతి. అలా చేస్తే ముప్ఫై ఆరు గంటలకూ పని సరిగ్గా సరిపోతుంది. ఒక్క గంట కూడా మిగలదు. జీఎస్టీ పని చివరిరోజు దాకా వస్తుంది. ఆరోజు వెబ్‌సైటు నెమ్మదించినా, ఒక బిల్లు తేడా వచ్చినా గడువు దాటే ప్రమాదం ఉంది.”

“బుధ, గురు, శుక్రవారాలు కౌంటరు దగ్గర మన గుమాస్తాను కూర్చోమంటాను. అతనికి ఆ పని తెలిసిందే. మూడు గంటలు కలిసివస్తాయి. చాలా?”

“చాలు సార్.”

ఈ సంభాషణలో గమనించదగిన విషయాలు కొన్ని ఉన్నాయి. సుజాత ఎక్కడా “చేయలేను” అనలేదు. ఆ మాట వ్యక్తి శక్తిని గురించి చెబుతుంది. వినేవారు వెంటనే ధైర్యం చెప్పడానికో, మందలించడానికో సిద్ధపడతారు. ఆమె “చాలవు” అంది. అది గంటలను గురించిన మాట. దానిమీద వాదించాలంటే ఎవరైనా గంటలను గురించే వాదించాలి. ఇక చివరకు ఆమె అడిగిన “ఏది జరపమంటారు?” అనే ప్రశ్నలో ఏదో ఒకటి జరగక తప్పదన్న విషయం ఇమిడి ఉంది. “జరపమంటారా?” అని అడిగి ఉంటే “వద్దు” అనే జవాబుకు అవకాశం ఉండేది. “ఏది” అనే పదం ఆ అవకాశాన్ని మర్యాదగా మూసివేసింది. “అంటారు” అనే గౌరవవాచక క్రియ నిర్ణయాన్ని పెద్దవారి చేతిలోనే ఉంచింది.

మరొక విషయం, అడిగినందువల్ల కలిగిన లాభం. లేఖలకు బదులు ఫోను చేయడం, గుమాస్తాను కౌంటరులో కూర్చోబెట్టడం అనే రెండు ఉపాయాలూ సుజాత కాగితంలో లేవు. అవి మేనేజరు చేతిలో ఉన్నవి. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

గుమాస్తా సహాయం ఫలించడానికి కారణం, అతనికి కౌంటరు పని ముందే తెలిసి ఉండడం. తెలియని పనికి మనిషిని ఇస్తే ఫలితం వేరుగా ఉంటుంది. అమెరికాలో ఐబీఎం సంస్థలో పెద్ద సాఫ్ట్‌వేర్ నిర్మాణాన్ని నడిపిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో వెలువరించిన తన గ్రంథంలో ఈ సంగతిని వివరించాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తవారిని చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఆయన అనుభవం. వారికి నేర్పడానికి పట్టే సమయం పాతవారి గంటలలోనుంచే పోతుంది కనుక ఇలా జరుగుతుంది. అందువల్ల “ఇంకొకరిని ఇస్తాను” అని మేనేజరు అన్నప్పుడు, వారికి ఏ పని ముందే తెలుసో చూసి ఆ పనినే వారికి అప్పగించడం తెలివైన పద్ధతి.

నిర్ణయం తరువాత

నోటిమాటగా జరిగిన నిర్ణయం రెండు రోజులలో మసకబారుతుంది. సుజాత తన బల్ల దగ్గరకు వెళ్లిన వెంటనే మేనేజరుకు ఈ విధంగా ఈ–మెయిలు పంపింది.

“గౌరవనీయులైన మేనేజరు గారికి, ఈ ఉదయం మీరు చెప్పిన ప్రకారం మూడు సంవత్సరాల బ్యాంకు పట్టికలు శుక్రవారం సాయంత్రానికి అందజేస్తాను. ఇందుకోసం బాకీదారుల లేఖలు, స్థిరాస్తుల రిజిస్టరు వచ్చే శనివారానికి జరిపాము. పెద్ద బాకీదారులకు మీరు ఫోను చేస్తానన్నారు. బుధవారం నుంచి శుక్రవారం వరకు కౌంటరు పని గుమాస్తా చూస్తారు. జీఎస్టీఆర్-1 శనివారం మధ్యాహ్నానికి దాఖలవుతుంది. ఇందులో మార్పేదైనా ఉంటే తెలియజేయ ప్రార్థన. ఇట్లు, సుజాత.”

ఈ లేఖలో ఎవరినీ తప్పుపట్టే ధోరణి లేదు. ఏది ముందు, ఏది వెనుక, ఎవరు ఏమి చేస్తారు అన్నవి మాత్రమే ఉన్నాయి. వెనక్కి జరిపిన పనులకు కొత్త తేదీ కూడా ఉంది. తేదీ లేకుండా జరిపిన పని మరుగున పడిపోయిన పనితో సమానం. ఆ తేదీ వేసేముందు సుజాత వచ్చే వారం లెక్క కూడా చూసుకొంది. భవిష్యనిధి, ఈఎస్ఐ చెల్లింపులు 15వ తేదీలోపు ఉన్నాయి. అవి, మిగిలిన పనులు కలిసి 22 గంటలు. జరిపిన పది గంటలు కలిపితే 32. అవి 36 గంటలలో ఇముడుతాయి.

వారం సాగిన తీరు ఇలా ఉంది. సోమ, మంగళవారాలలోని 12 గంటలలో టీడీఎస్, జీతాలు, బ్యాంకు ఖాతా పూర్తయ్యాయి. బుధవారం నుంచి శుక్రవారం వరకు కౌంటరు గంటలతో కలిపి 21 గంటలు దొరికాయి. వాటిలో 12 బ్యాంకు పట్టికలకు, 9 జీఎస్టీకి పోయాయి. శనివారానికి జీఎస్టీ పని మూడు గంటలే మిగిలింది. ఆరోజు రెండు బిల్లులలో కొనుగోలుదారుల నమోదు సంఖ్యలు తప్పుగా ఉన్నట్లు బయటపడింది. వాటిని సరిచేయడానికి గంటన్నర పట్టింది. అదనంగా దొరికిన మూడు గంటలు లేకపోతే ఆ గంటన్నర సాయంత్రం కార్యాలయం మూసే వేళకు ఎదురయ్యేది.

“అన్నీ కావాలి” అన్నప్పుడు

ప్రతి మేనేజరూ ఇంత తేలికగా నిర్ణయం చెప్పకపోవచ్చు. “అన్నీ ముఖ్యమే, అన్నీ కావాలి” అనేవారు ఉంటారు. అటువంటప్పుడు ప్రశ్నను కొంచెం మార్చి అడగవచ్చు. “శనివారం సాయంత్రానికి వీటిలో ఒకటి పూర్తికాకుండా మిగిలిపోతే, ఏది మిగిలితే నష్టం తక్కువ సార్?” అనే ప్రశ్నకు జవాబు సాధారణంగా దొరుకుతుంది. అప్పటికీ దొరకకపోతే, తాను ఏ వరుసలో చేయబోతున్నదీ ఉద్యోగి రాసి ఇవ్వాలి. “మరోలా చెప్పనంతవరకు ఈ వరుసలో చేస్తాను” అన్న ఒక్క వాక్యం అందులో ఉంటే చాలు.

ఇద్దరు అధికారులు చెరొక పని ఇచ్చినప్పుడు చిక్కు మరో రకంగా ఉంటుంది. ఒకరి పనిని ఆపి మరొకరి పని చేయాలన్న నిర్ణయం ఉద్యోగి తన మీద వేసుకోకూడదు. ఇద్దరికీ ఒకే కాగితాన్ని, ఒకే లెక్కను పంపి, వారే మాట్లాడుకొని చెప్పమని కోరడం మేలు. లేకపోతే ఉద్యోగి రెండు పడవలమీద కాళ్లు పెట్టినవాడవుతాడు.

ఈ పద్ధతికి ఒక హద్దు కూడా ఉంది. ఒక వారంలో పది గంటలు చాలకపోతే ఒక పనిని జరిపి సర్దుకోవచ్చు. ప్రతి వారమూ పది గంటలు చాలకపోతే, జరిపిన పనులు ఒకదానిమీద ఒకటి పేరుకుపోతాయి. సుజాత ఉదాహరణలో జ్ఞాపిక లేఖలు మూడు వారాలు వరుసగా జరిగితే, అక్కడ సమస్య వరుసక్రమానిది కాదు. ఉన్న మనుషులకు మించిన పని ఉందన్నమాట. అప్పుడు “ఏది జరపమంటారు?” అని అడగడంవల్ల ప్రయోజనం లేదు. మూడు వారాల కాగితాలనూ మేనేజరు ముందుపెట్టి, ఏ పనిని శాశ్వతంగా మానేయాలి, లేదా మరొకరిని ఎప్పుడు నియమించాలి అని అడగవలసి ఉంటుంది. తేదీలు, గంటలు రాసిపెట్టుకొన్న కాగితాలు ఉన్నవారికే ఆ ప్రశ్న అడిగే బలం ఉంటుంది.

సుజాత ఆ సోమవారం ఉదయం లెక్కలకు వెచ్చించిన సమయం ఒక గంట. ఆ గంటలో ఆమె తయారుచేసింది ఏడు వరుసల కాగితం. దానివల్ల మేనేజరుకు తన సంస్థలో ఆ వారం ఏమి జరుగుతుందో ముందే తెలిసింది. బ్యాంకుకు ఇచ్చిన మాట నిలిచింది. ఖాతాదారుల పన్ను మినహాయింపులు ఆగలేదు. వెనక్కి జరిగిన రెండు పనులూ ఎక్కడికి జరిగాయో అందరికీ తెలుసు.

అభ్యాసం

1. “చూస్తానండి” అనే మాట ఇంటిలోనూ, కార్యాలయంలోనూ ఏయే అర్థాలనిస్తుందో వివరించండి.
2. బ్యాంకు ఖాతా సరిపోల్చే పనికి ప్రభుత్వ గడువు లేకపోయినా దానిని ఎందుకు వెనక్కి జరపలేదు?
3. “జరపమంటారా?”, “ఏది జరపమంటారు?” అనే ప్రశ్నల మధ్య భేదాన్ని తెలపండి.
4. మీ కళాశాలలో వార్షికోత్సవ బాధ్యతలు, ప్రయోగ పుస్తకాల సమర్పణ ఒకే వారంలో వచ్చాయనుకొని, గంటల లెక్కతో మీ అధ్యాపకులకు ఒక లేఖ రాయండి.